తేడా 23,993 రూపాయలేనా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో జనవరి నుంచి లెక్కలు రాస్తున్నాను. నాకు ముందున్న గుమస్తా ఏమీ అప్పగించకుండానే మానేశారు. మార్చి 31 నాటికి మా పుస్తకం ప్రకారం బ్యాంకులో 3,12,640 రూపాయలు ఉండాలి. స్టేట్‌మెంటులో 3,36,633 ఉంది. మేం ఇచ్చిన చెక్కుల్లో నాలుగు అందులో కనిపించడం లేదు: నవంబర్ 12న శ్రీకాకుళం పైపుల డీలరుకు 38,400, జనవరి 8న వడ్రంగికి 6,000, మార్చి 28న విజయనగరం రంగుల డీలరుకు 46,500, మార్చి 30న లారీ ట్రాన్స్‌పోర్టుకు 8,200. మేం వేసిన వాటిలో మూడు జమ కాలేదు: డిసెంబర్ 15న కాశీనగర్ కాంట్రాక్టరు ఇచ్చిన చెక్కు 24,750, మార్చి 24న నగదు 15,000, మార్చి 31 సాయంత్రం వేసిన ఇంకో చెక్కు 52,000. మా షావుకారు "బ్యాంకులో ఎక్కువే ఉంది కదా, ఆ తేడాను సస్పెన్సు ఖాతాలో పెట్టు, పాత చెక్కు ఆదాయంలో కలిపెయ్యి" అంటున్నారు. నగదు బ్యాంకుకు తీసుకెళ్లేది ఆయన బావమరిది. అడిగితే అనుమానించినట్టు ఉంటుంది, అడగకపోతే రేపు నా మీదకు వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు. మే నెలలో ఆడిటరు వస్తారు. నవంబర్ నుంచి ఏప్రిల్ 20 వరకు స్టేట్‌మెంటు నకలు జత చేశాను. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఒక కాగితం తీసుకుని మీరు రాసిన అంకెలనే వరసగా వేసి చూడండి. ఇచ్చిన చెక్కులు నాలుగూ కలిపితే 99,100. అవి పుస్తకంలో పోయాయి, బ్యాంకులో ఇంకా పోలేదు కాబట్టి పుస్తకం నిల్వకు కలపాలి. జమ కాని మూడూ 91,750. అవి పుస్తకంలోకి వచ్చాయి, బ్యాంకులోకి రాలేదు కాబట్టి తీసివేయాలి. 3,12,640కి అది కలిపి ఇది తీసేస్తే 3,19,990 వస్తుంది. కానీ బ్యాంకు 3,36,633 చూపిస్తోంది. అంటే మీరు గుర్తించినవన్నీ చేర్చాక కూడా 16,643 రూపాయలు ఎక్కడివో తేలలేదు. షావుకారు చెప్పినట్టు 23,993ను, ఎక్కడివో తేలని మొత్తాలను తాత్కాలికంగా ఉంచే సస్పెన్సు ఖాతాలో పెట్టి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఒకవైపు లక్ష, ఇంకోవైపు తొంభై వేలు ఒకదాన్నొకటి కొట్టుకుని, చివరికి చిన్న అంకె ఒకటే పైకి కనిపిస్తోంది. మీరు దానికి ఒప్పుకోకుండా ఆగడం సరైన పనే.

ఆ 16,643 ఎక్కడుందో మీరు పంపిన స్టేట్‌మెంటులోనే ఉంది. మార్చి 30న రాయగడ నుంచి నెఫ్ట్ ద్వారా 18,000 నేరుగా ఖాతాలో పడింది. ఎవరో పాత బాకీ తీర్చి మీకు చెప్పలేదు. మార్చి 31న ఏడాది చార్జీల కింద జీఎస్టీతో కలిపి 1,180 బ్యాంకు కోసుకుంది. డిసెంబర్‌లో ఇంకో 177 కోసుకుంది. 18,000లోంచి ఈ రెండూ తీసేస్తే సరిగ్గా 16,643. పుస్తకం వైపు నుంచి మాత్రమే వెతికితే ఇవి ఎప్పటికీ దొరకవు. మీరు మీ చెక్కులను బ్యాంకు స్టేట్‌మెంటులో వెతికారు. బ్యాంకు రాసిన ప్రతి వరసనూ మీ పుస్తకంలో వెతకడం ఇంకా మిగిలింది. రెండు వైపుల నుంచీ టిక్కు పెట్టుకుంటూ వస్తే టిక్కు పడనివే సమన్వయ పట్టికలోకి, అంటే పుస్తకం నిల్వకూ బ్యాంకు నిల్వకూ తేడా ఎందుకో చూపే పట్టికలోకి వస్తాయి.

ఇప్పుడు పట్టిక సరిపోయింది. అయినా పని అయిపోలేదు, అసలు పని ఇక్కడే మొదలవుతుంది. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికలో ఉండదగినవి కేవలం సమయం వల్ల వచ్చిన తేడాలు. ఈరోజు మనం రాశాం, బ్యాంకు నాలుగు రోజుల తర్వాత రాస్తుంది, అంతే. వాటికి ఒకే పరీక్ష. ఏప్రిల్ స్టేట్‌మెంటులో అవి తీరిపోవాలి. మీ స్టేట్‌మెంటులో 52,000 ఏప్రిల్ 2న జమ అయింది, రంగుల డీలరు 46,500 ఏప్రిల్ 4న, ట్రాన్స్‌పోర్టు 8,200 ఏప్రిల్ 6న వెళ్లాయి. ఈ మూడూ నిజమైన తేడాలు. ఏప్రిల్ 1న ఒడిశాలో ఉత్కళ దినోత్సవం, పైగా ఆ రోజు ఏడాది లెక్కల ముగింపు కోసం చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు ఖాతాదారులకు మూసే ఉంటాయి. మార్చి 31 సాయంత్రం డ్రాప్ బాక్సులో పడిన చెక్కు రెండో తారీఖుకు జమ కావడంలో వింతేమీ లేదు. పట్టికలో ఆ చెక్కు పక్కన "2-4న జమ" అని రాసి, స్టేట్‌మెంటులోని ఆ వరస కింద గీత గీసి జతచేయండి. ఆడిటరు అడిగేది అదే.

మిగిలిన నాలుగింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

కాంట్రాక్టరు చెక్కు 24,750 డిసెంబర్ 15 నుంచి "వసూలు కావలసిన చెక్కు"గా ఉండటమే అనుమానించదగ్గ విషయం. ఇప్పుడు చెక్కు కాగితం ఊళ్లు తిరగడం లేదు, దాని ఫొటో మాత్రమే వెళుతుంది. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులను రోజంతా ఎప్పటికప్పుడు పంపించి ఆ రోజే సంగతి తేల్చే పద్ధతి కూడా వచ్చింది. వేసిన చెక్కు వారం దాటినా జమ కాలేదంటే అది ఇంకా దారిలో ఉందని అనుకోకూడదు. మీ స్టేట్‌మెంటులో డిసెంబర్ 16న చూడండి. 24,750 జమ, దాని కిందే 24,750 ఖర్చు, ఆ కింద 177 రిటర్న్ చార్జీ. చెక్కు తిరిగివచ్చింది. జమ, ఖర్చు ఒకే మొత్తం కావడంతో నిల్వ మీద దాని జాడే లేదు. పాత గుమస్తా చెక్కు వేసినప్పుడు పుస్తకంలో రాశారు, తిరిగివచ్చినప్పుడు రాయలేదు. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో దుకాణంలో ఏదో సొరుగులో ఉండి ఉంటుంది, వెతికించండి.

పుస్తకంలో చేయాల్సింది తేలికే. కాంట్రాక్టరు ఖాతాకు 24,750 తిరిగి బాకీగా రాయాలి, బ్యాంకు ఖాతాలో తగ్గించాలి. చార్జీ 177 మనం భరిస్తామా, అతని మీద వేస్తామా అన్నది షావుకారు ఇష్టం. బాధ కలిగించేది వేరే ఉంది. చెక్కు తిరిగివచ్చిందని బ్యాంకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అది అందిన 15 రోజుల్లో అతను చెల్లించకపోతే, చెక్కుల చట్టం 138వ సెక్షను కింద కేసు వేసే దారి ఉండేది. చెక్కుకు కాలం ఉండగానే, అంటే మార్చి మధ్య వరకు, మళ్లీ బ్యాంకులో వేసి చూసే వీలూ ఉండేది. పట్టిక నెలనెలా వేసి ఉంటే జనవరిలోనే ఇది బయటపడేది. ఇప్పుడు ఆ చెక్కు మీద ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. బాకీ మాత్రం అలాగే ఉంది. కొత్త చెక్కు అడగవచ్చు, లేదా నేరుగా ఖాతాకు పంపమనవచ్చు. నాకైతే రెండోదే మేలనిపిస్తుంది. ఒకసారి చెక్కు తిరిగివచ్చిన మనిషి దగ్గర ఇంకో చెక్కు తీసుకుని మళ్లీ ఎదురుచూడటం ఎందుకు? ఈలోగా బాకీ ఇంత ఉందని అతని సంతకంతో ఒక ధ్రువీకరణ తీసుకుంటే ఆడిటుకూ పనికొస్తుంది.

ఇక పైపుల డీలరు చెక్కు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లుబాటు కాలం దాని మీద రాసిన తేదీ నుంచి మూడు నెలలు. అంతకుముందు ఆరు నెలలు ఉండేది, ఇప్పటికీ చాలామంది అదే అనుకుంటారు. నవంబర్ 12 చెక్కుకు ఫిబ్రవరి రెండో వారంలోనే కాలం చెల్లింది. దాన్ని మార్చి 31న "చెల్లింపు కావలసిన చెక్కు" అని పట్టికలో చూపడం తప్పు, ఎందుకంటే ఏ బ్యాంకూ ఇక దాన్ని చెల్లించదు. అయితే కాలం చెల్లింది చెక్కుకే, సరుకు తెచ్చుకున్న బాకీకి కాదు. అతను సాధారణంగా మూడేళ్ల వరకు దాన్ని అడిగి వసూలు చేసుకోవచ్చు.

పుస్తకంలో ఏం రాయాలో నిర్ణయించే ముందు డీలరుకు ఫోను చేసి అతని పుస్తకంలో మీ ఖాతా నకలు తెప్పించండి. దాన్ని బట్టి దారి మారుతుంది. చెక్కు పోగొట్టుకున్నానని, తనకింకా రావాలని అతను చెబితే, బ్యాంకు ఖాతాలో 38,400 తిరిగి కలిపి డీలరు ఖాతాలో అంతే బాకీ చూపండి. తర్వాత కొత్త చెల్లింపు చేయండి. పాత చెక్కు తేదీ దిద్ది సంతకం పెట్టి ఇమ్మని అడిగితే ఒప్పుకోకండి. పాతది వెనక్కి తీసుకోండి, పోయిందంటే ఆ మాట రాయించుకోండి, ఆ చెక్కు నంబరుకు చెల్లింపు ఆపమని బ్యాంకుకు కూడా చెప్పండి. కాలం చెల్లినా ఈ జాగ్రత్త పడటం వల్ల నష్టమేమీ లేదు. అలా కాక "నాకు డబ్బు ముట్టింది" అని అతను అంటే, షావుకారు ఏ ఫోను ద్వారానో వేరే ఖాతా నుంచి పంపి ఉంటారు. అప్పుడు ఆ చెల్లింపు ఏ ఖాతాలోంచి వెళ్లిందో కనుక్కుని దాన్ని పుస్తకానికెక్కించాలి, చెక్కును రద్దు చేయాలి. చిన్న ఊళ్లలో ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

షావుకారు చెప్పిన మూడో దారి, ఆదాయంలో కలపడం. అలా రాయడాన్ని ఎవరూ అడ్డుకోరు, కానీ దాని ఫలితం ఆయనకు తెలియాలి. బాకీని ఆదాయంగా రాసుకుంటే దాని మీద ఆదాయపు పన్ను కట్టాలి, ఆపైన డీలరు వచ్చి అడిగితే 38,400 కూడా ఇవ్వాలి. ఇంకోటి, సరుకు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు చెల్లించకపోతే దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలని నిబంధన. చెల్లని చెక్కు చెల్లింపు కాదు. 18 శాతం పన్నున్న బిల్లు అయితే 38,400లో సుమారు 5,858 పన్నే. ఆంధ్ర నుంచి వచ్చిన సరుకు కాబట్టి ఐజీఎస్టీ కింద ఉంటుంది. బిల్లు అక్టోబర్ మొదటి వారానిదైతే 180 రోజులు ఏప్రిల్ మొదటి వారానికే నిండాయి. డీలరుకు చెల్లించాక ఆ క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు. ఈ లెక్క చెబితే షావుకారు ఆదాయం మాట మానేసి ఈ వారంలోనే డీలరుకు డబ్బు పంపిస్తారని నా నమ్మకం.

వడ్రంగి చెక్కు కొంచెం చిక్కుది. జనవరి 8 తేదీ కాబట్టి మార్చి 31న దానికి ఇంకా వారం రోజుల ఆయువు ఉంది. ఆ రోజు అది నిజంగానే చెల్లింపు కావలసిన చెక్కు. ఏప్రిల్ 8తో దానికీ కాలం తీరింది. కాబట్టి మార్చి 31 పట్టికలో 6,000 అలాగే ఉంచి, ఏప్రిల్‌లో తిప్పి రాయండి. ఎలాగూ చెల్లలేదని తెలిసిపోయింది కదా, మార్చిలోనే తిప్పమని ఆడిటరు అంటే ఆయన మాట వినండి, అదీ తప్పు కాదు. రెండింట్లో ఏది చేసినా వడ్రంగి పేరు మీద బాకీ కనిపించాలి.

మీకు నిద్ర లేకుండా చేస్తున్నది నగదు 15,000. దాని గురించి సూటిగా చెబుతాను. చెక్కుకు దారిలో ఆగడం ఉంటుంది, నగదుకు ఉండదు. కౌంటరులో కట్టినా, యంత్రంలో వేసినా ఆ రోజే ఖాతాలో పడాలి. మార్చి 24 నగదు ఏప్రిల్ 20కి కూడా రాలేదంటే అది ఈ ఖాతాలో పడలేదు. దాన్ని "వసూలు కావలసిన" వరసలో ఉంచితే మీ పట్టికలో తెలిసి రాసిన అబద్ధం అవుతుంది. అలాగని అది దొంగతనమని తేల్చడానికీ లేదు. బరంపురంలో పని నేర్చుకునే రోజుల్లో ఒక నూనె మిల్లు లెక్కల్లో ఇలాంటి మొత్తమే మూడు వారాలు వెతికాం. చివరికి జమ చీటీ నకలు దొరికింది. బ్యాంకు ముద్ర సగమే పడింది, తేదీ సరిగ్గానే ఉంది. ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రం మిల్లువి కావు, యజమాని సొంత పొదుపు ఖాతావి. తీసుకెళ్లిన కుర్రవాడికి రెండు పాస్‌బుక్కులూ ఒకే సంచీలో ఇచ్చేవారు.

అందుకే "ఆ 15,000 ఏమైంది" అని అడగకండి. మార్చి నెలలో బ్యాంకులో కట్టిన నగదు చీటీలన్నీ ఆడిటు ఫైలుకు కావాలని, షావుకారు ఎదుట, ఆయన బావమరిదినే అడగండి. అన్నిటితో పాటు అడిగినప్పుడు ఒక మనిషి మీద వేలు చూపినట్టు ఉండదు. చీటీ దొరికి అందులో షావుకారు సొంత ఖాతా ఉంటే, అది సొంతవాడకం కింద రాసి బ్యాంకులోంచి తీసేయండి, లేదా ఆయన వెనక్కి పంపితే సరి. నగదు అసలు కట్టలేదు, పెట్టెలోనే ఉంది అంటే, మార్చి 31న నగదు లెక్కబెట్టిన కాగితంలో 15,000 ఎక్కువ ఉండాలి. అది లేకపోతే ఆ మాట నిలవదు. చీటీ లేదు, గుర్తు లేదు అంటే, మొత్తాన్ని బ్యాంకులోంచి తీసి, తీసుకెళ్లిన వారి పేరు మీద "లెక్క చెప్పవలసిన నగదు" అని రాయండి. ఇది సస్పెన్సు కంటే నయం. సస్పెన్సు ఖాతాలో పెడితే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు, పేరు మీద ఉంటే అందరికీ కనిపిస్తూ ఉంటుంది. కష్టమైన రాతే, ఒప్పుకుంటాను. షావుకారు వద్దంటే, అంకె, తేదీ, తీసుకెళ్లింది ఎవరో రెండు వాక్యాలలో రాసి ఆయనకు ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ముద్ర వేసిన చీటీ చూడకుండా మార్చి 24న ఆ పద్దు రాసింది మీరే కదా, ఆ పొరపాటు మాత్రం ఒప్పుకోండి. ఇకనుంచి చీటీ చేతికి వచ్చాకే జమ రాయండి.

ఇవన్నీ చేస్తే లెక్క ఇలా నిలుస్తుంది.

పుస్తకం నిల్వ 3,12,640
పైపుల డీలరు చెక్కు తిప్పినది + 38,400
రాయగడ నెఫ్ట్ + 18,000
తిరిగివచ్చిన చెక్కు − 24,750
బ్యాంకు చార్జీలు − 1,357
జమ కాని నగదు − 15,000
సరిచేసిన పుస్తకం నిల్వ 3,27,933

ఇప్పుడు బ్యాంకు వైపు నుంచి చూడండి. 3,36,633లోంచి చెల్లింపు కావలసిన మూడు చెక్కులు 60,700 తీసి, ఏప్రిల్ 2న జమ అయిన 52,000 కలిపితే అదే 3,27,933. ఆస్తి అప్పుల పట్టీలో బ్యాంకు నిల్వగా వెళ్లవలసింది ఈ అంకె. రాయగడ 18,000 ఎవరిదో తెలియకపోతే ఆ ఒక్కదాన్ని తాత్కాలికంగా సస్పెన్సులో పెట్టడం న్యాయమే, ఎందుకంటే డబ్బు నిజంగా వచ్చింది, పేరు ఒక్కటే తెలియాలి. నెఫ్ట్ వరసలో పంపినవారి పేరు, రిఫరెన్సు నంబరు ఉంటాయి, బ్యాంకులో అడిగితే చెబుతారు.

పట్టిక తయారయ్యాక ఒక పరీక్ష చేసి చూడండి. పోయిన ఏడాది మార్చి 31 పట్టిక తీసి, అందులో అప్పుడు తేలనివన్నీ ఆ తర్వాతి ఏప్రిల్, మే నెలల్లో తీరాయో లేదో చూడండి. పాత గుమస్తా ట్యాలీలో బ్యాంక్ డేట్ గడిలో ఏదో ఒక తేదీ కొట్టి ఉంటే పద్దు పట్టికలోంచి మాయమవుతుంది, కానీ స్టేట్‌మెంటులో ఆ తేదీన ఆ మొత్తం ఉండదు. పెద్ద మొత్తాలు పది తీసుకుని ఆ తేదీలను స్టేట్‌మెంటుతో సరిచూడండి. ఒక్కటి తప్పినా మిగతావన్నీ చూడాల్సిందే. స్టేట్‌మెంటు కూడా ఎవరో ఎక్సెల్‌లో పెట్టి ఇచ్చినది కాకుండా బ్యాంకు నుంచి మీరే తెచ్చుకోండి.

వడ్రంగికి మాత్రం ఈరోజే ఫోను చేయించండి. చెక్కు ఇంకా అతని దగ్గరే ఉందేమో, దానికి కాలం తీరిందని అతనికి తెలియకపోవచ్చు. బ్యాంకు దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగిరాకముందే ఆ పాతది వెనక్కి తీసుకుని, అతని 6,000 అతనికి ఇప్పించండి.